ఐదు నిమిషాలన్నాను, గంట పట్టింది

ఈ దేశం వచ్చిన కొత్తలో వేరే టీమ్ వాళ్లను చిన్న సాయం అడగాలంటే నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. సొంత టీమ్‌లో అయితే అందరం ఒకే పని మీద ఉంటాం, పక్కకు తిరిగి అడిగేయొచ్చు. వేరే టీమ్ వాళ్లకు మేనేజర్ వేరు, డెడ్‌లైన్లు వేరు. నా పని ఆగితే వాళ్లకు వచ్చే నష్టమేమీ లేదు. పైగా అడగాల్సింది నాది కాని భాషలో. మెసేజ్ రాయడం, చెరిపేయడం, మళ్లీ రాయడం, ఇలా అరగంట గడిచిపోయేది.

మా టీమ్ ఆర్డర్ల అప్లికేషన్ చూసుకుంటుంది. ఒక శనివారం రాత్రి అందులోని అతిపెద్ద టేబుల్‌కు ఇండెక్స్, అంటే డేటాను త్వరగా వెతకడానికి పనికొచ్చే పట్టిక, చేర్చాల్సి వచ్చింది. ఏ స్టెప్ తర్వాత ఏది చేయాలి, మధ్యలో తేడా వస్తే ఎలా వెనక్కి రావాలి అన్నదంతా 14 పేజీల డాక్యుమెంట్‌గా రాశాను. డేటాబేస్ టీమ్‌లో ఇలాంటివి ఎన్నో చేసిన ఒకావిడ ఉన్నారు, వేరే ఊరి ఆఫీసులో. సోమవారం ఆమెకు "హాయ్, ఎలా ఉన్నారు?" అని పెట్టి జవాబు కోసం కూర్చున్నాను. నలభై నిమిషాలకు "బాగున్నాను, చెప్పండి" అని వచ్చింది. అప్పుడు లింక్ పంపి, "వీలున్నప్పుడు ఇది కాస్త చూస్తారా? ఐదు నిమిషాల పని" అన్నాను.

ఆ ఐదు నిమిషాలు నేను లెక్క కట్టి చెప్పినవి కావు. తక్కువ చెబితే కాదనరని అలా రాసేశాను.

ఆమె లింక్ తెరిస్తే పర్మిషన్ లేదని వచ్చిందట. యాక్సెస్ అడుగుతూ వచ్చిన మెయిల్ నేను మర్నాడు పొద్దున చూశాను. ఆ రోజు ఆమె మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి పదకొండు కామెంట్లు పెట్టారు. హెడింగులు ఒకేలా లేవని, ఒకచోట స్పెల్లింగ్ తప్పని, ఇలాంటివి. నేను భయపడుతున్నది తొమ్మిదో పేజీ గురించి. దాని మీద ఒక్క మాట కూడా లేదు. ఫోన్ చేసి అడిగితే ఆమె కోపం లేకుండానే చెప్పారు: "ఐదు నిమిషాలన్నారని రెండు మీటింగుల మధ్య తెరిచాను. గంట పట్టింది. మీకు ఏం కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అరగంట పట్టేదైతే అరగంటని చెప్పండి, క్యాలెండర్‌లో పెట్టుకుంటాను."

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆవిడ గంటసేపు పెట్టారు, అయినా నా ప్రశ్న ఎక్కడిది అక్కడే ఉంది. తప్పు నేను అడిగిన తీరులో ఉంది.

ఆ సాయంత్రం డాక్యుమెంట్ మళ్లీ ముందు పెట్టుకున్నాను. ఆమె తప్ప ఇంకెవరూ చెప్పలేని విషయం ఇందులో ఏముంది అని చూసుకుంటే, 9, 10 పేజీలు మిగిలాయి. అవి నేను చదివితే మూడు నిమిషాలు పట్టింది. కానీ రాసినవాడికి పట్టే టైమ్ లెక్కలోకి రాదు. ఈ పని గురించి ఏమీ తెలియని మా టీమ్ కుర్రాడికి ఇచ్చి గడియారం చూశాను. చదవడానికి తొమ్మిది నిమిషాలు. మధ్యలో రెండుసార్లు ఆగి "ఈ టేబుల్‌లోకి డేటా ఎక్కడి నుంచి వస్తుంది?" లాంటివి అడిగాడు, వాటికి ఇంకో నాలుగు నిమిషాలు. ఆ జవాబులను తొమ్మిదో పేజీ పైన ఐదు లైన్లుగా రాసేశాను. చదివాక ఆలోచించాలి, కామెంట్ టైప్ చేయాలి. అన్నీ కలిపితే ఇరవై నిమిషాలు తేలింది. బుధవారం పొద్దున పంపిన మెసేజ్ తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"శనివారం రాత్రి ఆర్డర్ల టేబుల్‌కు ఇండెక్స్ పెడుతున్నాం. 9, 10 పేజీలు మాత్రం చూసి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలరా? ఇండెక్స్ తయారవుతున్నంతసేపు కొత్త ఆర్డర్లు ఆగిపోతాయా? చదివి కామెంట్ రాయడానికి మొత్తం 20 నిమిషాలు పడుతుంది. మీ టైమ్ ప్రకారం గురువారం మధ్యాహ్నం 3 లోపు తెలిస్తే, కావాల్సిన మార్పులు చేసి టెస్ట్ చేసుకోవడానికి నాకు ఒక రోజు ఉంటుంది. ఈ వారం కుదరకపోతే ఆ మాట చెప్పండి, మీ టీమ్‌లో ఇంకొకరిని అడుగుతాను. లింక్ మీకు తెరుచుకునేలా పర్మిషన్ ఇచ్చాను."

ఈసారి పలకరింపు కోసం ఆగలేదు, అంతా ఒకే మెసేజ్‌లో పెట్టాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఈరోజు నాలుగింటికి చూస్తాను." నాలుగున్నర కాకముందే కామెంట్ కనిపించింది. మేం వాడేది PostgreSQL. అందులో మామూలు `CREATE INDEX` నడుస్తున్నంతసేపు టేబుల్‌ను చదవొచ్చు కానీ కొత్తగా ఏదీ రాయలేం. అంటే ఇండెక్స్ పూర్తయ్యేదాకా ఒక్క ఆర్డర్ కూడా పడదు. ఆమె ఇలా మార్చమన్నారు:

```sql
CREATE INDEX CONCURRENTLY idx_orders_customer
ON orders (customer_id);
```

దీనికి ఎక్కువసేపు పడుతుంది, కానీ ఆర్డర్లు ఆగవు. కింద ఇంకో లైన్ కూడా రాశారు. ఈ కమాండ్ ట్రాన్సాక్షన్ లోపల నడవదు, డేటాబేస్ మార్పులు నడిపే మీ టూల్ ప్రతి ఫైల్‌నూ ట్రాన్సాక్షన్‌లో చుడుతుందేమో చూసుకోండి అని. చూస్తే నిజంగానే చుడుతోంది. అలాగే వదిలేసి ఉంటే శనివారం రాత్రి మొదటి స్టెప్‌లోనే ఎర్రర్ వచ్చేది. మధ్యలో ఫెయిలైతే పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుందని, దాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టాలని పదో పేజీలో చేర్చాను. అంతకుముందు గంటసేపు చదివినప్పుడు కంటపడనిది, ఎక్కడ చూడాలో చెప్పేసరికి ఇరవై నిమిషాల్లో దొరికింది.

అప్పటి నుంచి టైమ్ చెప్పకుండా ఎవరినీ అడగడం లేదు. చెప్పిన టైమ్ నిజమైతే అవతలివాళ్లు దాన్ని గట్టిగా పట్టుకుంటారని కూడా తెలిసింది. ఒకసారి పదిహేను నిమిషాలని అంచనా తప్పాను. ఆమె పదిహేను నిమిషాలకు ఆపేసి, "సగం అయింది, మిగతాదానికి ఇంకో ఇరవై కావాలి, సోమవారం చేయనా?" అని రాశారు. నాకు అది ఎంతో హాయిగా అనిపించింది, ఎందుకంటే నేను ఎక్కడ నిలబడ్డానో స్పష్టంగా తెలిసింది. లెక్క వేసినప్పుడు అరగంట దాటుతోందంటే మాత్రం ఇప్పుడు చాట్‌లో అడగను. అది సాయం స్థాయి దాటి పని అయిపోతుంది కాబట్టి వాళ్ల టీమ్ క్యూలో టికెట్ వేస్తాను, అక్కడ వాళ్ల మేనేజర్‌కు కూడా కనిపిస్తుంది. గంట పనిని ముక్కలు చేసి మూడుసార్లు ఇరవై నిమిషాలని అడగడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆ శనివారం మార్పు సాఫీగా అయిపోయింది. సోమవారం పొద్దున ఆమెకు రెండు లైన్లు రాశాను: ఇండెక్స్ తయారవుతున్నంతసేపు ఆర్డర్లు పడుతూనే ఉన్నాయి, ట్రాన్సాక్షన్ సంగతి మీరు చెప్పకపోతే మొదట్లోనే ఆగిపోయేవాళ్లం అని. తాను చెప్పింది చివరికి ఏమైందో చాలామంది చెప్పరని ఆమె అన్నారు.

రెండు నెలల తర్వాత ఆమె దగ్గర నుంచే ఒక మెసేజ్ వచ్చింది. మా అప్లికేషన్ ఏయే టేబుళ్లను చదువుతుందో రాసిన పేజీ ఒకటి సరిచూడాలి, 15 నిమిషాలు, రేపటిలోగా వీలవుతుందా అని. మొదట్లో అయితే చేతిలో ఎంత పనున్నా సరేననేవాడిని. ఆ రోజు నా క్యాలెండర్ చూసుకుని, "రేపు కుదరదు, గురువారం 11 గంటలకు పెట్టుకుంటాను, పర్వాలేదా?" అని రాశాను. పర్వాలేదన్నారు.