ఉదయం బ్యాచికి క్యాప్షన్ రాసిన విధం: నా అనుభవం

తిరుపతి భవానీ నగర్‌లో నేను నడుపుతున్న యోగా కేంద్రంలో ఇంతకాలం సాయంత్రం బ్యాచి ఒక్కటే ఉండేది. డిసెంబరు 1 నుంచి ఉదయం బ్యాచి మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాక, పోస్టరు పని మా చిన్నమ్మ కూతురు తీసుకుంది, దాని కింద పెట్టవలసిన నాలుగు మాటలు నా వంతుకు వచ్చాయి. అలంకారంగా ఏదైనా రాయడం కంటే, సాయంత్రం బ్యాచిలో చేరేముందు జనం ఫోన్ చేసి ఏమేమి అడిగారో గుర్తు చేసుకుని, ఆ ప్రశ్నలకు జవాబులనే వరుసగా పేర్చడం మంచిదనిపించింది. అడిగేవారు ఎవరైనా ముందుగా అడిగేది ఎక్కడ, ఎప్పుడు, ఎంత అనే మూడింటినే. ప్రాణాయామం గురించి అడిగేవారు ఎప్పుడో ఒకరు వస్తారు.

ఆ మూడింటినీ మొదటి వాక్యాల్లోనే పెట్టడానికి మరో కారణం కూడా ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ ఎంత పొడవున్నా, చూసేవారికి ముందు కనిపించేది రెండు వరుసలే, మిగిలినది నొక్కితే గాని తెరుచుకోదు. అందుచేత ‘సుప్రభాత వేళ ఆరోగ్యానికి ఆహ్వానం’ వంటి పలకరింపుతో మొదలుపెడితే ఆ చోటులో చాలా భాగం దానికే పోతుంది, వేళ, రుసుము మరుగున పడిపోతాయి. మా చెల్లెలికి ఆ పలకరింపు బాగా నచ్చింది గనుక దానిని పోస్టరు మీదికి పంపించి ఇద్దరం రాజీ పడ్డాం.

వేళ రాయడం తేలికే అనుకున్నాను గాని, ఎక్కువ ఆలోచన దానికే పట్టింది. ‘ఉదయం 5.30’ అని మాత్రమే రాస్తే, కొందరు దానిని తలుపు తీసే వేళగా, కొందరు క్లాసు మొదలయ్యే వేళగా చదువుకుంటారు. ఐదున్నరకు వీధి మలుపులో ఉన్న మనిషి చెప్పులు విడిచి చాప పరుచుకునేసరికి సూక్ష్మ వ్యాయామం సగం అయిపోతుంది. కీళ్ళు వదులు కాకుండా నేరుగా సూర్య నమస్కారాలకు దిగితే నడుము, మోకాళ్ళు పట్టేస్తాయి. అందువల్ల 5.20కి తలుపు తీస్తామనీ, 5.30కి క్లాసు మొదలవుతుందనీ, 5.40 దాటితే ఆ రోజు లోపలికి తీసుకోమనీ మూడు వేళలూ రాశాను. ముగిసే వేళను దాచకూడదనేది నా పట్టుదల. ఉదయం క్లాసుకు రావాలా వద్దా అని ఆడవాళ్ళు తేల్చుకునేది అది ఎప్పుడు మొదలవుతుందో చూసి కాదు, ఎప్పుడు వదులుతారో చూసి. పిల్లల స్కూలు వ్యాను, క్యారియరు, ఆసుపత్రి డ్యూటీ, కొండమీద ఉద్యోగం ఉన్నవారికి బస్సు, ఇవన్నీ ఆ తర్వాతి గంటలోనే ఉంటాయి. కనుక శవాసనంతో కలిపి 6.30కి ముగుస్తుందని స్పష్టంగా పెట్టాను.

డిసెంబరులో ఐదున్నరకు ఇంకా చీకటిగానే ఉంటుంది. పైగా అది మనకు తుపానుల కాలం. కాబట్టి వీధి గుర్తుతో పాటు వాకిట్లో దీపం వెలుగుతుందన్న మాట, పెద్ద వాన పడితే 5 గంటలలోపు గ్రూపులో తెలియజేసి ఆ క్లాసును ఆదివారం పెడతామన్న మాట చేర్చాను.

రుసుము విషయంలో నాకు నచ్చని ఆనవాయితీ ఒకటి ఉంది. మూడు నెలలకు కలిపి కట్టవలసిన మొత్తాన్ని మూడుతో భాగించి, ‘నెలకు 1,000 మాత్రమే’ అని పెద్ద అక్షరాలలో వేస్తారు. ఒక్క నెలకే చేరదామని వచ్చినవారికి అసలు రుసుము 1,200 అని బల్ల దగ్గర తెలిస్తే, వారు చేరవచ్చునేమో గాని మనసులో ఒక ముల్లు మిగులుతుంది. నేను ముందు ఒక నెల రుసుము రాసి, తర్వాత మూడు నెలల మొత్తం రాశాను. ప్రవేశ రుసుము లేదన్న మాట రాయకపోతే ఉందనే అనుకుంటారు, అదీ రాశాను. నెల అంటే చేరిన తేదీ నుంచి మళ్ళీ అదే తేదీ వరకా, ఒకటో తారీఖు నుంచా అన్నది ఫోన్లలో తరచు వచ్చిన ప్రశ్న కావడంతో దానికీ ఒక వాక్యం ఇచ్చాను.

తొలి క్లాసు ఉచితంగా ఇస్తున్నాం, దానికి హద్దులు చెప్పకపోతే నడపడం కష్టం. చాప ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్నా, చేతులు చాచడానికి చుట్టూ ఖాళీ వదలాలి. ఆ లెక్కన మా హాలులో పద్నాలుగు చాపలకు మించి పట్టవు. ‘ఎప్పుడైనా రండి’ అని రాసి ఇరవైమంది వస్తే కొందరిని వెనక్కి పంపవలసి వస్తుంది. కాబట్టి రెండు శనివారాలు నిర్ణయించి, ముందుగా పేరు ఇవ్వమన్నాను. బీపీ, హెర్నియా, ఇటీవలి ఆపరేషన్, గర్భం ఉన్నవారు ఆ సంగతి సందేశంలోనే చెప్పమన్నాను, ఎందుకంటే వారిచేత కపాలభాతి చేయించను, కొన్ని ఆసనాలు మార్చాలి. ఆ వివరాలను అందరూ చూసే కామెంట్లలో రాయమనడం సభ్యత కాదు. షుగరు తగ్గుతుంది, బరువు కరుగుతుంది అన్న హామీలు చేర్చమని ఒక శిష్యురాలు సలహా ఇచ్చారు. అవి నా చేతిలో ఉన్నవి కావు గనుక వదిలేశాను.

చివరికి తేలిన క్యాప్షన్ ఇది:

“తిరుపతి భవానీ నగర్‌లో యోగా ఉదయం బ్యాచి, 5.30–6.30. నెలకు రూ.1,200. తొలి క్లాసు ఉచితం.

డిసెంబరు 1, సోమవారం ప్రారంభం. సోమవారం నుంచి శనివారం వరకు. 5.20కి తలుపు తీస్తాం, 5.40 తర్వాత ప్రవేశం ఉండదు. వాటర్ ట్యాంకు ఎదురు వీధిలో, వాకిట్లో దీపం వెలుగుతున్న మేడ.

మూడు నెలలకు ఒకేసారి కడితే రూ.3,000. ప్రవేశ రుసుము లేదు. మీ నెల మీరు చేరిన తేదీ నుంచి మొదలవుతుంది.

ఉచిత క్లాసు: నవంబరు 22 లేదా 29, శనివారం, ఉదయం 5.30. ఒక్కొక్కరికి ఒక్క రోజు. రోజుకు 14 మందికే చోటు. మీ పేరు, రావాలనుకున్న తేదీ, ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే అది, పోస్టరు మీది నంబరుకు వాట్సాప్ చేయండి. ఖాళీ కడుపుతో రండి, మంచినీళ్ళు తాగవచ్చు. ఆ రోజుకు చాప మేమే ఇస్తాం.

పెద్ద వాన పడితే 5 గంటలలోపు గ్రూపులో తెలియజేసి, ఆ క్లాసు ఆదివారం పెడతాం.”

దీనినే వాట్సాప్‌లో పంపేటప్పుడు రెండు మార్పులు చేశాను. అక్కడ మాటకు రెండు వైపులా నక్షత్రం గుర్తు పెడితే అక్షరాలు లావుగా కనిపిస్తాయి గనుక వేళకూ రుసుముకూ పెట్టాను. అదే ఇన్‌స్టాగ్రామ్‌లో అతికిస్తే నక్షత్రాలు నక్షత్రాలుగానే మిగులుతాయి. రెండవది, ఫోన్ నంబరును పాఠంలోనే చేర్చాను, ఎందుకంటే వాట్సాప్‌లో దాని మీద నొక్కితే చాలు, నేరుగా కలుస్తుంది.

పంపిన సాయంత్రమే ఒకావిడ ఫోన్ చేసి, “ఆడవాళ్ళకు వేరేగా ఉంటుందా, మగవాళ్ళు కూడా ఉంటారాండీ?” అని అడిగారు. తర్వాత ఇంకొందరు అదే అడిగారు. సాయంత్రం బ్యాచి మొత్తం ఆడవాళ్ళే కావడంతో ఆ ప్రశ్న ఇంతకుముందు ఎన్నడూ రాలేదు. ‘ఉదయం బ్యాచి స్త్రీలకూ పురుషులకూ కలిపి, స్త్రీలకు ముందు వరుసలు’ అన్న వాక్యాన్ని ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో వెంటనే చేర్చగలిగాను. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని దిద్దడానికి పదిహేను నిమిషాలే గడువు, అది ఎప్పుడో దాటిపోయింది. అందువల్ల గ్రూపులన్నిటికీ ఆ ఒక్క వాక్యాన్ని బ్యాచి పేరు, తేదీతో సహా విడి సందేశంగా పంపించాను.