చెట్టు నెత్తిన మంచు

పొద్దున్నుంచీ ఒక్క ఫోటోతోనే సరిపోయింది. మబ్బు పట్టిన రోజు తీసింది. ముందు ఒక చెట్టు, మధ్యలో పాక, వెనక కొండ. దానికి పొగమంచు పెట్టాలనుకున్నాను. ఎండలో తీసినదైతే అసలు మొదలుపెట్టేదాన్నే కాదు, అంత మంచులో గట్టి నీడలు పడవు కదా.

ముందు అందరూ చేసే పనే చేశాను. తెల్ల లేయర్ వేసి, మాస్క్‌లో పైనుంచి కిందికి గ్రేడియెంట్ లాగాను. తమ్ముడు వెనక నిలబడి, "అక్కా, చెట్టు నెత్తి మీద ఎవరైనా సున్నం పోశారా?" అన్నాడు. నిజమే. మొదలు శుభ్రంగా ఉంది, కొమ్మలు తెల్లబోయాయి. చెట్టు మొదలూ చివరా నాకు ఒకే దూరంలో ఉన్నాయి, గ్రేడియెంట్‌కేమో ఎత్తు తప్ప దూరం తెలియదు.

దాంతో మాస్క్ చెరిపేసి, దేనికది విడిగా సెలెక్ట్ చేసి, మాస్క్‌లో దూరాన్ని బట్టి బూడిద రంగు నింపాను. మాస్క్ ఎంత తెల్లగా ఉంటే అక్కడ మంచు అంత. ఎంత నింపాలన్నదానికి లెక్క ఇది:

```
1 - exp(-3*d/V)
```

d వస్తువు దూరం, V మంచులో చూపు ఆనే దూరం. V దగ్గర అసలు దృశ్యం 5 శాతమే మిగులుతుంది. నేను V 1500 మీటర్లు అనుకున్నాను. చెట్టు 20 మీటర్లు, పాక 150, కొండ 1000 అని కంటి అంచనా. లెక్క ప్రకారం చెట్టు మీద మంచు 4 శాతం, పాక మీద 26, కొండ మీద 86. V ని 300 చేసి చూస్తే కొండ పూర్తిగా మాయమైంది. కొండ కోసమే తీసిన ఫోటో, అలా ఎలా వదులుతాను!

అయినా ఏదో తేడా కొట్టింది. కాసేపటికి తట్టింది: కొండ ఆకాశం కన్నా తెల్లగా ఉంది. మంచుకు సొంత రంగంటూ ఉండదు, చుట్టూ ఉన్న వెలుగునే చూపిస్తుంది. కొండ అంచుకు పైనున్న ఆకాశం రంగును డ్రాపర్‌తో తీసి లేయర్‌కి ఇచ్చేసరికి కొండ దానంతటదే వెనక్కి జరిగింది.

ఎక్కువ సేపు తిన్నది మాత్రం ఆకుల సందులు. వాటిలోంచి కనిపించే ఆకాశానికి కూడా చెట్టుకిచ్చిన 4 శాతమే పడటంతో, అక్కడక్కడా వేరే రంగు చుక్కలు మిగిలాయి. బ్లూ చానెల్‌ని కాపీ చేసి, ఆకులు నల్లగా, ఆకాశం తెల్లగా అయ్యేదాకా కాంట్రాస్ట్ పెంచి, చెట్టు వరకు మాస్క్‌లో కలిపాను. చుక్కలు పోయాయి. రెండు సన్న కొమ్మలు కూడా పోయాయి, వాటిని బ్రష్‌తో తిరిగి తెచ్చుకున్నాను.

సాయంత్రం వాన కూడా వేద్దామని కూర్చున్నాను. చెట్టుకు ఇవతల నాలుగైదు పొడవాటి, మసక గీతలు చాలు. పాక వెనక సన్నగా, దట్టంగా ఉండాలి, అవి చెట్టు మొదలు మీదుగా పోకూడదు. కొండ దగ్గర గీతలే వద్దు, అక్కడ వాన కూడా మంచులాగే కనిపిస్తుంది. ఒక లేయర్ అయ్యేసరికి కళ్ళు మండాయి. మిగతాది రేపు.