బోర్డు రాసిన పెయింటర్ నాకంటే ముందే చెప్పేశాడు

పలాసలో మాకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. పిక్కలు ఉడకబెట్టడం, కోయడం, పొట్టు తీయడం, గ్రేడింగ్ అన్నీ కలిపి 60 మంది పని చేస్తారు, వాళ్లలో ఎక్కువ మంది పొట్టు తీసే ఆడవాళ్లే. నేనూ నా స్నేహితుడూ కలిసి మొదలుపెట్టినప్పుడు ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి కంపెనీకి పేరు పెట్టుకున్నాం. 2018 తిత్లీ తుఫానులో ఉద్దానం జీడి తోటలు నేలకూలాక అతను వాటా నాకు అమ్మి వెళ్లిపోయాడు. అతని అక్షరం మాత్రం ఇన్నేళ్లూ బోర్డు మీదే ఉండిపోయింది.

అందుకే కంపెనీ పేరు మార్చాలనుకున్నాను. కొత్త పేరు రెండక్షరాల తెలుగు మాట. ఇక్కడ రాస్తే ప్రకటనలా ఉంటుంది కాబట్టి రాయను. నిజానికి ముందు ఎంచుకున్నది వేరే పేరు. అది ఎవరో రిజిస్టర్ చేసుకున్న ట్రేడ్‌మార్కుకు దగ్గరగా ఉందని దరఖాస్తు తిరిగొచ్చింది. రెండో పేరు ఖాయమైంది, దాన్ని 60 రోజులు మా కోసం పట్టి ఉంచుతారు. ఆ గడువులోగా వాటాదారుల ప్రత్యేక తీర్మానం, దాని మీద కేంద్రానికి దరఖాస్తు పూర్తి కావాలి. తీర్మానం అయిన రోజే సంబరంగా సమావేశం పెట్టబోయాను. మా ఆడిటర్ ఆపారు. ‘‘కొత్త పేరుతో కంపెనీ సర్టిఫికెట్ వచ్చిన తేదీ నుంచే పేరు చెల్లుతుంది. అంతవరకు మీరు చెప్పేది కోరికే తప్ప పేరు కాదు’’ అన్నారు.

ఆగాను. ఆగేటప్పుడు చేసిన తప్పు ఒక్కటే, బోర్డు మాత్రం ముందే రాయించాను. కాశీబుగ్గలో పెయింటర్ దాన్ని ఆరబెట్టిన చోటికి పక్కనే టీ కొట్టు. రెండు రోజుల్లో ఫ్యాక్టరీ అంతా తెలిసిపోయింది, కాకపోతే తప్పుగా తెలిసింది. ఎవరో విశాఖ వ్యాపారికి కంపెనీ అమ్మేశాననీ, కొత్త యజమాని పాతవాళ్లను తీసేస్తాడనీ అనుకున్నారు.

అప్పటికి నా ఉపన్యాసం పదకొండు నిమిషాలది. అందులో కంపెనీ ప్రయాణం, కొత్త గుర్తు అర్థం, ఎగుమతుల కల ఉన్నాయి. చదివి వినిపిస్తే మా ఆవిడ ‘‘బాగుంది, కానీ ఇందులో వాళ్లెక్కడున్నారండీ?’’ అంది. మొదటి మూడు పేజీలు తీసేశాను. కొత్త పేరు చెప్పడానికి ముందే మూడు మాటలు చెప్పాలనుకున్నాను. కంపెనీ అమ్మలేదు. ఉద్యోగాలూ సర్వీసూ ఎక్కడికక్కడే ఉంటాయి. పీఎఫ్ నంబరు మారదు.

ఇవి ఓదార్పు మాటలు కావు, చట్టంలో ఉన్నవే. పేరు మారినా కంపెనీ అదే, దాని హక్కులూ అప్పులూ అవే. పాన్ నంబరు కూడా అదే, కార్డు మీద పేరు మాత్రం మార్పించుకోవాలి. జీఎస్టీలో, ఆహార భద్రత లైసెన్సులో, పీఎఫ్ రికార్డులో, బ్యాంకులో కూడా మార్పించాలి.

సర్టిఫికెట్ వచ్చిన మరునాడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కోత మిషన్లు ఆపించి పిక్కలు ఆరబోసే కళ్లంలో అందరినీ కూర్చోబెట్టాను. మైకు పెట్టలేదు. సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని ‘‘కంపెనీని ఎవరికీ అమ్మలేదు. యజమానిని నేనే’’ అన్నాను. గుసగుసలు ఆగిపోయాయి. మిగతా రెండు మాటలూ చెప్పాక బోర్డు మీది గుడ్డ తీశాం. కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో పాత పేరు కూడా ఉంది. రెండేళ్ల పాటు బోర్డు మీదా ఉత్తరాల మీదా పాత పేరు కూడా చూపించాలని చట్టం చెబుతుంది. నాకది అందం చెడగొట్టే నిబంధనలా అనిపించేది, కానీ ఆ రోజు వాళ్లకు ధైర్యమిచ్చింది ఆ చిన్న అక్షరాలే. ‘‘అదిగో, పాతది కూడా ఉంది’’ అని ఒకరికొకరు చూపించుకున్నారు.

నేను మాట్లాడింది నాలుగు నిమిషాలు. ప్రశ్నలు మాత్రం అరగంట నడిచాయి. పొట్టు తీసేవాళ్లలో పెద్దావిడ ఒకామె కూతురి పెళ్లికి పీఎఫ్ నుంచి డబ్బు తీసుకోవాలని దరఖాస్తు పెట్టింది.

‘‘బాబూ, కాగితం మీద పాత పేరుంది. ఇప్పుడది చెల్లుతుందా?’’

‘‘చెల్లుతుంది పిన్నీ, నీ యూఏఎన్ అదే. ఎక్కడైనా ఆపితే ఈ సర్టిఫికెట్ జిరాక్సు ఇస్తాం’’ అన్నాను. జిరాక్సులు పది తీయించి గుమాస్తా దగ్గర పెట్టించాను.

తర్వాత ఆమె వెనకాల కూర్చున్న అమ్మాయి లేచింది. పొట్టుకు కూలీ కిలోల లెక్కన ఇస్తాం. ‘‘పేరు మారింది కదా బాబూ, కిలో రేటు ఏమైనా మారుతుందా?’’

రాసుకున్న కాగితంలో దీనికి జవాబు లేదు. పేరుకూ రేటుకూ సంబంధం లేదని చెప్పేయవచ్చు, కానీ అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఈ రోజు చెప్పలేనని, శనివారం ఆఫీసు గదిలో కూర్చుని మాట్లాడుకుందామని అన్నాను. శనివారం తొమ్మిది గంటలకే పద్నాలుగు మంది వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.