క్లౌడ్ బిల్లులో ఎవరి ఖర్చు ఎవరిది: నా అనుభవం

విజయవాడలో మాదో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. నేను అకౌంట్స్ చూస్తాను. టాలీ, జీఎస్టీ రిటర్నులు, జీతాలు ఇవీ నా పనులు. మా యాప్‌లు నడిచే సర్వర్లు అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో అద్దెకు తీసుకున్నవి. ఆ బిల్లు మాత్రం చాలాకాలం నా దగ్గరకు ఒకే ఒక్క అంకెగా వచ్చేది. కార్డులోంచి కట్ అయ్యేది, నేను ‘సర్వర్ ఖర్చులు’ అనే లెడ్జర్‌లో వేసేసేదాన్ని.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మాకు మూడు ప్రాజెక్టులున్నాయి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి స్టాక్ యాప్, ఒక స్కూలుకు ఫీజుల యాప్, ఒక బట్టల హోల్‌సేల్ షాపుకు బిల్లింగ్. మూడూ ఒకే ఏడబ్ల్యూఎస్ అకౌంట్‌లో, ముంబై రీజియన్‌లో నడుస్తాయి. కోల్డ్ స్టోరేజీ వాళ్లతో కొత్త ఒప్పందంలో ‘సర్వర్ ఖర్చు వాస్తవంగా ఎంతైతే అంత’ అని రాసుకున్నారు. అప్పుడు మా సార్ నన్ను పిలిచి, “ఏ ప్రాజెక్టుకి ఎంతవుతోందో విడగొట్టి ఇవ్వమ్మా, వాళ్లు అడిగితే చూపించేలా ఉండాలి” అన్నారు.

ఆ నెల బిల్లు పన్ను కాకుండా 430 డాలర్లు. మా డెవలపర్ కుర్రాడు పక్కన కూర్చుని, ఖర్చులను విడదీసి చూపించే కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ పేజీ తెరిచి, సర్వీసుల వారీగా పెట్టాడు. సర్వర్ల అద్దె నేను అనుకున్నంత ఎక్కువేం లేదు. అన్నిటికన్నా పెద్ద గీత `EC2-Other` అనే పేరుతో ఉంది, 220 డాలర్లు. బిల్లులో సగం ‘ఇతరములు’ అంటే ఏ ఆడిటరైనా అక్కడే ఆగుతాడు. నేనూ అక్కడే ఆగాను.

దాన్ని విప్పాలంటే అదే పేజీలో Group by దగ్గర `Usage type` ఎంచుకోవాలి. అప్పుడు పేర్లన్నీ `APS3-` తో మొదలవుతాయి. అది ముంబై రీజియన్‌కు వాడే గుర్తు. మా 220లో మూడు రకాలు తేలాయి. డిస్కులకు 82 డాలర్లు, బయటికి వెళ్లిన డేటాకు 16 చిల్లర, మిగతా 121 డాలర్ల చిల్లర అంతా `NatGateway` పేరుతో ఉన్న రెండు లైన్లు.

డిస్కుల లెక్క నాకు తొందరగానే ఎక్కింది. జీపీ3 రకం డిస్కుకు ముంబైలో జీబీకి నెలకు 0.0912 డాలర్లు. మావి మొత్తం 900 జీబీ, కాబట్టి 82.08. ఇక్కడ యూనిట్ ‘జీబీ-నెల’. 90 జీబీ డిస్కును 30 రోజుల నెలలో చివరి 10 రోజులే ఉంచితే బిల్లులో 30 అని పడుతుంది. పరిమాణం కింద ఉన్న అంకె డిస్కు సైజు కాదని తెలియకపోతే ఆ కాలమ్ ఎంత చూసినా లెక్క కుదరదు. ఇంకొకటి, సర్వర్‌ను ఆపేసినా డిస్కుకు మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

నాట్ గేట్‌వే సంగతి మాత్రం వాడిచేత రెండుసార్లు చెప్పించుకున్నాను. డేటాబేస్ లాంటి సర్వర్లకు భద్రత కోసం బయటి అడ్రస్ ఇవ్వరు. అవి ఇంటర్నెట్‌కు వెళ్లాలంటే ఈ గేట్‌వే గుండా వెళ్లాలి. దీనికి చార్జీ రెండు రకాలు. ముంబైలో గంటకు 0.056 డాలర్లు, వాడినా వాడకపోయినా. ఆపైన దాని గుండా వెళ్లే ప్రతి జీబీకి మరో 0.056. నెలకు 720 గంటలకు 40.32 అయింది. డేటా 1,450 జీబీ వెళ్లింది, దానికి 81.20.

“మనకంత డేటా ఎక్కడిదిరా?” అని అడిగాను. వాడి దగ్గరా సమాధానం లేదు.

దాని జవాబు వెతికే ముందు ట్యాగుల పని మొదలుపెట్టాం, ఎందుకంటే వాటికి టైమ్ పడుతుంది. టాలీలో కాస్ట్ సెంటర్ తెలిసినవాళ్లకు ట్యాగ్ అంటే అదే. ప్రతి సర్వర్‌కు, డిస్కుకు `Project` అని ఒక పేరు, దానికి `mirchi` అనో `school` అనో ఒక విలువ తగిలిస్తాం. అయితే ఒక పెద్ద తేడా ఉంది. టాలీలో పోయిన నెల వోచర్‌ను తెరిచి కాస్ట్ సెంటర్ మార్చుకోవచ్చు. ఇక్కడ ట్యాగ్ పెట్టిన దగ్గర్నుంచి జరిగిన వాడకానికే అది అంటుకుంటుంది. నెల మధ్యలో పెడితే అదే డిస్కు ఖర్చు ఆ నెల రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

పైగా ట్యాగ్ పెట్టినంత మాత్రాన బిల్లింగ్‌లోకి రాదు. బిల్లింగ్ పేజీలో `Cost allocation tags` అని విడిగా ఉంటుంది. అక్కడికెళ్లి మన ట్యాగ్‌ను ఎంచుకుని Activate నొక్కాలి. కొత్త ట్యాగ్ ఆ జాబితాలో కనబడటానికే 24 గంటల దాకా పట్టవచ్చు, యాక్టివేట్ అయ్యాక లెక్కలో రావడానికి ఇంకో 24 గంటల దాకా. వెనక్కి 12 నెలల వరకు లెక్కను నింపమని అడిగే వీలూ ఉంది. కానీ అప్పట్లో ఆ వస్తువుకు ట్యాగ్ నిజంగా ఉండి, యాక్టివేట్ చేయడం మాత్రమే మిగిలిపోయి ఉంటేనే దానివల్ల లాభం.

మా అకౌంట్‌లో ట్యాగులు అసలు లేవని కాదు. ఒకరు `Project` అని, ఒకరు `project` అని, ఇంకొకరు `Client` అని పెట్టి ఉంచారు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఇక్కడ వేర్వేరు ట్యాగుల కిందే లెక్క. విలువల్లోనూ అదే తంతు. నేను ఒక కాగితం మీద మూడు ప్రాజెక్టుల పేర్లు, అందరికీ ఉమ్మడిగా ఉండేవాటికి `common`, ఇంతే రాసి వాళ్ల సిస్టమ్ పక్కన అతికించాను. ఈ పేర్లు డెవలపర్లకు వదలకుండా అకౌంట్స్ వాళ్లే ఖాయం చేయాలని నా అభిప్రాయం.

ట్యాగులు పనిచేయడం మొదలయ్యాక కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో `Project` వారీగా చూస్తే మూడు పేర్లూ వచ్చాయి, వాటితోపాటు `No tag key: Project` అని ఒక గీత. డిస్కులు చాలావరకు అందులోనే పడ్డాయి. కారణం, సర్వర్‌కు ట్యాగ్ ఉన్నంత మాత్రాన దాని డిస్కుకు అది రాదు. సర్వర్ సృష్టించేటప్పుడు ట్యాగుల దగ్గర Resource types లో Volumes కూడా ఎంచుకోవాలి. ట్యాగ్ లేని డిస్కులేవో ఈ కమాండ్‌తో తీశాడు:

```
aws ec2 describe-volumes --region ap-south-1 \
  --query "Volumes[?! not_null(Tags[?Key=='Project'].Value)].[VolumeId,Size,State,CreateTime]" \
  --output table
```

వచ్చిన పట్టికలో ఒక 300 జీబీ డిస్కుకు State కింద `available` అని ఉంది. అంటే ఏ సర్వర్‌కూ తగిలించి లేదు. నెలకు 27.36 డాలర్లు ఊరికే పోతున్నాయి. సృష్టించిన తేదీ చూస్తే స్కూలు యాప్ టెస్టింగ్ చేసిన రోజులవి. సర్వర్‌ను తీసేశారు, డిస్కు ఉండిపోయింది. వెంటనే డిలీట్ చేద్దామంటే నేను వద్దన్నాను. ముందు స్నాప్‌షాట్, అంటే డిస్కుకు ఒక నకలు తీసి, స్కూలు పని చూసే అమ్మాయి లోపల ఏముందో చూసి సరే అన్నాకే తీసేశాం.

ఇక ఆ 1,450 జీబీ. గేట్‌వేకి ట్యాగ్ పెట్టొచ్చు, కానీ మూడు ప్రాజెక్టులూ దాన్నే వాడుతుంటే ఏ పేరు పెడతాం? `common` అని పెట్టినా ఎవరు ఎంత వాడారో బిల్లు చెప్పదు. అప్పుడు వాడు, వాడకాన్ని గ్రాఫులుగా చూపించే క్లౌడ్‌వాచ్‌లో ఆ గేట్‌వే గ్రాఫ్ తెరిచాడు. `BytesInFromSource` అనే కొలత, అంటే మన సర్వర్ల నుంచి గేట్‌వేకి వచ్చిన డేటా. రోజంతా నేలకు అంటుకున్నట్టు ఉండి, ప్రతిరోజూ 20:30కి నిటారుగా లేచి కాసేపటికి పడిపోతోంది. హోల్‌సేల్ షాపు రాత్రి లెక్క కట్టే టైమ్ కదా, వాళ్లదేనేమో అన్నాను.

“కాదక్కా, ఇది యూటీసీ. మన టైమ్ రావాలంటే దీనికి ఐదున్నర గంటలు కలపాలి. రాత్రి రెండు” అన్నాడు. రాత్రి రెండుకి నడిచేది కోల్డ్ స్టోరేజీ యాప్ బ్యాకప్ ఒక్కటే. బస్తాల ఫొటోలు, డేటాబేస్ కలిపి రోజూ 40 జీబీ దాకా, ఏడబ్ల్యూఎస్‌లోనే ఫైళ్లు దాచే ఎస్3లోకి పంపుతోంది. ముప్పై రోజులకు 1,200 జీబీ, అంటే 67.20 డాలర్లు. అదీ ముంబైలోనే ఉన్న ఎస్3 బకెట్‌కు, గేట్‌వే గుండా చుట్టు తిరిగి.

దీనికి విరుగుడు వాడికి తెలిసిందే. నాట్ గేట్‌వే గుండా కాకుండా ఎస్3కి నేరుగా వెళ్లే దారిగా `Gateway` రకం వీపీసీ ఎండ్‌పాయింట్ పెట్టి, ఏ డేటా ఎటు వెళ్లాలో ఆ సర్వర్లకు చెప్పే రూట్ టేబుల్‌కు జతచేయాలి. ఈ రకానికి గంట చార్జీ లేదు, జీబీ చార్జీ లేదు. బకెట్ అదే రీజియన్‌లో ఉండాలి, అంతే షరతు. Interface అనే ఇంకో రకం ఉంది, దానికి డబ్బులు పడతాయి కాబట్టి ఎంచుకునేటప్పుడు చూసుకోవాలి. మర్నాడు గ్రాఫ్‌లో 20:30 దగ్గర ఏమీ లేదు. బ్యాకప్ మాత్రం బకెట్‌లో చేరింది, అదీ చూసుకున్నాం.

గడిచిన నెలకు కోల్డ్ స్టోరేజీ వాళ్ల లెక్కలో ఆ 67.20 వేయాలా వద్దా అని కొంత చర్చ జరిగింది. వాడకం వాళ్లదే, కానీ దారి తప్పుగా పెట్టింది మా వైపు. సార్ దాన్ని మా ఖర్చు కిందే రాయమన్నారు. డిస్కులు ఏ సర్వర్‌కు తగిలించి ఉన్నాయో చూసి ఆ నెల వరకు ఎక్సెల్‌లో చేత్తో విడగొట్టాను.

గేట్‌వే గంటల చార్జీ 40.32ను మూడు ప్రాజెక్టులకు సమానంగా, తలా 13.44 వేశాను. అది వాడకంతో సంబంధం లేని అద్దె కాబట్టి సమానమే న్యాయం అనిపించింది. మిగిలిన 250 జీబీకి అయ్యేది 14 డాలర్లు. దాన్ని కచ్చితంగా తేల్చాలంటే ఏ సర్వర్ నుంచి ఎంత డేటా వెళ్లిందో రాసిపెట్టే ఫ్లో లాగ్స్ పెట్టాలి, వాటికీ మళ్లీ చార్జీ ఉంటుంది. అందుకని సర్వర్ల అద్దె నిష్పత్తిలో పంచేశాను. ఇదే పంపకాన్ని ప్రతి నెలా దానంతటదే చేసే కాస్ట్ కేటగిరీస్ అనే ఏర్పాటు అక్కడ ఉంది. మూడు ప్రాజెక్టులకు ఎక్సెల్ చాలు.

పన్ను గురించి ఒక మాట. 18 శాతం జీఎస్టీ కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో `Tax` అని విడిగా వస్తుంది, దానికి మన ట్యాగ్ ఉండదు. ట్యాక్స్ సెట్టింగ్స్‌లో మా జీఎస్టీ నంబర్ ఉంది, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటాం, కాబట్టి ప్రాజెక్టు ఖర్చులో దాన్ని కలపను. రూపాయల్లోకి మార్చడానికి ఆ రోజు మార్కెట్ రేటు వెతక్కుండా, ఇన్‌వాయిస్‌లోని రూపాయల మొత్తాన్ని డాలర్ల మొత్తంతో భాగించి ఆ రేటే అన్ని ప్రాజెక్టులకూ వాడుతున్నాను. అప్పుడు మూడు అంకెలూ కలిపితే ఇన్‌వాయిస్‌తో పైసలతో సహా సరిపోతాయి.

తర్వాతి పూర్తి నెలలో ట్యాగ్ లేని గీతలో పన్ను తీసేస్తే మిగిలింది కొద్ది డాలర్లే. ఎక్కువగా స్నాప్‌షాట్లు. ఏ డిస్కు నుంచి తీశారో వాటి వివరాల్లోనే ఉంటుంది కాబట్టి, ఒక్కొక్కటీ చూసి ట్యాగ్ పెడుతున్నాం.