బోర్డు గోడకు మెరుపు వద్దన్నాను

మూడో తరగతి గదికి రంగులేయిస్తున్నాం. "పిల్లల గది కదా టీచర్, ఎర్రగా పచ్చగా మంచిగ వేయించొచ్చు కదా" అని ఒకమ్మ అడిగింది. అందుకే తల్లిదండ్రులందరికీ ఉత్తరం రాశాను.

దేవరకొండ దగ్గరి మా బడిలో ఆ గదికి రెండే కిటికీలు. ముదురు రంగు వేస్తే అది ఉన్న వెలుతురును కూడా మింగేస్తుంది కాబట్టి పైన లేత మీగడ రంగు. కింద మూడున్నర అడుగుల దాకా బూడిద రంగు ఆయిల్ పెయింట్, చేతి మరకలు తడిగుడ్డతో పోతాయి.

బోర్డున్న గోడకు మాత్రం మెరుపు లేని లేత ఆకుపచ్చ. పోయినసారి అక్కడా ఆయిల్ పెయింటే వేయించి తప్పు చేశాను. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే తళతళలాడేది. ఆ గోడమీద రాయించిన ఎక్కాలను చివరి వరుసలో ఒక పిల్లాడు మెడ పక్కకు వంచి చూసేవాడు. కళ్లద్దాలు కావాలేమో అనుకున్నా! కిటికీ తలుపు మూయగానే మెడ నిటారుగా పెట్టాడు.

బొమ్మలేవీ అంటారా? వెనక గోడంతా పిల్లలదే.