చివరి వరుసకీ కనపడాలంటే

నాంపల్లిలో ఒక పెద్ద హాల్లో రేపు మా అక్క ప్రసంగం. నిన్న సాయంత్రం స్లైడ్లు చూడటానికి వెళ్లాం. తెర ఎత్తు 3 మీటర్లు, చివరి వరుస 24 మీటర్ల దూరంలో ఉంది. అంటే తెర ఎత్తుకి 8 రెట్లు. ఇంట్లో పరీక్షించుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు. ల్యాప్‌టాప్‌లో స్లైడ్ ఎత్తు 20 సెంటీమీటర్లుంటే, 160 సెంటీమీటర్లు వెనక్కి జరిగి చదవాలి. చివరి కుర్చీలో వాళ్లకి కనిపించేది అంతే.

అలా నిలబడి చూస్తే ఇంగ్లీషు 28 పాయింట్లలో హాయిగా చదవగలిగాం. అదే సైజులో తెలుగు మాత్రం అందలేదు. "రాష్ట్రం"లో ష కింద రెండు వత్తులూ కలిసి ఒక మచ్చలా కనిపించాయి. అక్షరం కన్నా వత్తు ఎప్పుడూ చిన్నదే కదా, అందుకే సైజుని వత్తుని బట్టే తేల్చాలి. 36కి పెంచాకే విడివిడిగా కనిపించాయి. వరుసల మధ్య ఎడం కూడా పెంచాం, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతున్నాయి.

శీర్షికలకి రామభద్ర ఫాంటు, లోపలి మాటలకి మండలి ఫాంటు పెట్టాం. రామభద్ర బాగా లావు, 54లో చాలా అందంగా ఉంటుంది. లోపలి మాటలకీ అదే వాడితే ద, ధ తేడా చూపే చిన్న గీత పూడుకుపోతుంది.

హాలు కంప్యూటర్లో ఈ ఫాంట్లు లేకపోతే వేరేవి వచ్చి వరుసలన్నీ చెదురుతాయి. అందుకే ఫాంట్లను ఫైల్లోనే పొదిగి, పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను.