బంటు ఎనిమిదో గడి

మా పిల్లల బడిలో చెస్ క్లబ్ మొదలుపెడుతూ టీచర్ పేర్లు సూచించమన్నారు. మా అమ్మాయికి పన్నెండేళ్లు, టోర్నమెంట్లు ఆడుతుంది. బాబుకి ఎనిమిది, గుర్రం ఎలా కదులుతుందో ఇప్పటికీ వేళ్లతో లెక్కపెట్టుకుంటాడు. ఇద్దరికీ నచ్చే పేరు దొరికితే చాలు, బడంతటికీ సరిపోతుందనుకున్నాను.

అమ్మాయి ముందు "గ్రాండ్‌మాస్టర్స్ క్లబ్" అంది. "అక్కడికి ఎవరు వస్తారు?" అని బాబుని అడిగితే "అక్క వాళ్లు" అన్నాడు. అంటే వాడు రాడన్నమాట. తర్వాత నేను "లిటిల్ పాన్స్" అన్నాను. "అమ్మా, ఆ పేరున్న టీషర్టు వేసుకుని నేను టోర్నమెంటుకి వెళ్లాలా?" అని అమ్మాయి తేల్చేసింది. "చెక్‌మేట్" ఇద్దరికీ పర్వాలేదు. కానీ చాలా బడుల క్లబ్బులకి అదే పేరు, జట్ల పోటీల్లో ఎవరు ఎవరో తెలియక తికమక. అమ్మాయికి బాగా నచ్చిన "జుగ్‌జ్వాంగ్" (ఏ ఎత్తు వేసినా నష్టమే అయ్యే స్థితి) బాబుకి నోరు తిరగలేదు. పేరు పలకలేని పిల్లాడు స్నేహితుణ్ని ఎలా పిలుచుకొస్తాడు?

అప్పుడు బంటు గుర్తొచ్చింది. బంటు రెండో వరుసలో బయలుదేరి ఎనిమిదో వరుస చేరితే మంత్రి అవుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి మొదటి పాఠాల్లోనే వచ్చే సంగతి ఇది. గట్టిగా ఆడేవాళ్లకి మాత్రం ఎండ్‌గేమ్ అంతా దాదాపు ఆ వరుస కోసం జరిగే పోరే. ఒకే మాట ఇద్దరికీ వాళ్ల స్థాయిలో అర్థమవుతుంది.

ఆ వరుసని ఇంగ్లీషులో ర్యాంక్ అంటారు కాబట్టి "ఎయిత్ ర్యాంక్" అని కాగితం మీద రాశాం. ఫోన్లో మా నాన్నకి చెప్తే, "ఎనిమిదో ర్యాంకా? మొదటిది రాలేదా?" అన్నారు. ర్యాంకుల మధ్య పెరిగినదాన్ని, నాకే తట్టాల్సింది. ఇక్కడి పిల్లలూ నవ్వుతారని అమ్మాయి ఒప్పుకుంది. జట్టు ఓడిన రోజు ఆ పేరు మరీ ఇబ్బంది. వరుస తీసేసి గడి పెట్టాం: "ఎయిత్ స్క్వేర్ చెస్ క్లబ్". ఎందుకా పేరు అని అడిగినవాళ్లకి ఒకసారి చెప్పాలి, అదొక్కటే లోటు. బాబు మాత్రం బంటుని చేత్తో పట్టుకుని ఒక్కో గడీ దాటిస్తూ చెప్తున్నాడు.

చెప్పేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఇంట్లో మేం మంత్రి అంటాం, బడిలో అది క్వీన్. "మినిస్టర్ అవుతుంది" అంటే పక్క పిల్లలు నవ్వారట. తాతయ్యకి ఫిర్యాదు వెళ్లింది. పాత ఆటలో అది మంత్రేననీ, అప్పట్లో ఐమూలగా ఒక్క గడే కదిలేదనీ, రాణి అయిందీ అంత బలం వచ్చిందీ యూరప్ వెళ్లాకేననీ ఆయన చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు: "మా చిన్నప్పుడు బంటు ఏనుగు వరుసలో చివరికి చేరితే ఏనుగే అయ్యేది, గుర్రం వరుసలో అయితే గుర్రం."

వచ్చే వారం క్లబ్బులో ఒక ఆట తాతయ్య రూల్‌తో ఆడిద్దామని బాబు టీచర్‌ని అడిగాడట. అమ్మాయి మాత్రం అది రేటింగ్ లెక్కలోకి రాదని ముందే చెప్పేసింది.